పడుకున్న ఎనిమిది గంటలా, నిద్రపోయిన ఐదు గంటలా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. నేను డాక్టర్ని కాదండీ, ముందే చెప్పేస్తున్నాను. నిద్ర పరీక్ష చేసే టెక్నీషియన్ని. మీరందరూ నిద్రపోతుంటే మేలుకుని చూడటం నా ఉద్యోగం. రాత్రి పదింటికి ఒకరి తలకు తీగలు అతికించి, పక్క గదిలో తెర ముందు కూర్చుని, పొద్దున ఆరింటికి ఆ తీగలు పీకేస్తాను. మా ఇంట్లో నా గురించి ఏమంటారంటే, ఊళ్లోవాళ్ల నిద్ర లెక్కపెడుతూ సొంత నిద్ర పోగొట్టుకున్నవాడు అంటారు.

ఈ బల్ల మీద రెండు పెట్టాను చూడండి. ఇది ఇంటికి ఇచ్చి పంపే పెట్టె. చిన్నది, టిఫిన్ డబ్బాలో పట్టేస్తుంది. ఇటు పక్కనున్న తీగల కట్ట ల్యాబ్‌లో వాడేది. ఇరవైకి పైగా తీగలుంటాయి, జడ వేసినట్టు కట్టి పెడతాం, లేకపోతే చిక్కుపడి చంపుతాయి. నన్ను అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఈ రెండిట్లో ఏది మంచిదండీ?" తీగలు ఎక్కువున్నది మంచిదేమో అనిపిస్తుంది కదా? ఆ ప్రశ్న అలా అడిగితే నేను జవాబు చెప్పలేను. నన్ను అడగాల్సింది వేరే ప్రశ్న. ఏ పెట్టెకు ఏం తెలుసు? ఏం తెలియదు? అది అడగండి, చెబుతాను.

ఒక్క మాటలో కావాలంటే ఇప్పుడే చెప్పేస్తాను, తొందరున్నవాళ్లు వెళ్లిపోవచ్చు. ఇంటి పెట్టెకు మీ ఊపిరి తెలుసు. మీరు నిద్రపోయారో లేదో దానికి తెలియదు. నిద్ర పరీక్ష అని పేరు, నిద్ర మాత్రం కొలవదు! నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. దాని నుంచే మిగతా కథంతా పుడుతుంది.

ముందు ఇంటి పెట్టె ఒంటికి ఎలా తగిలిస్తారో చూద్దాం. ఈ సన్న గొట్టం ముక్కు కింద పెడతారు, రెండు చిన్న కొసలు ముక్కు రంధ్రాల్లోకి వస్తాయి. ఆక్సిజన్ పెట్టే గొట్టంలా ఉంటుంది, దీంట్లోంచి మాత్రం ఏ గాలీ రాదు. చాలామంది భయపడతారు, అందుకే చెబుతున్నా. మీరు గాలి పీల్చి వదులుతుంటే ముక్కు దగ్గర ఒత్తిడి మారుతుంది, ఆ మార్పును ఇది పెట్టెకు అందిస్తుంది. తెర మీద అలలాగా కనిపిస్తుంది. గురక కూడా ఇందులోనే సన్న వణుకులా పడుతుంది. ఇదిగో ఈ బెల్టు ఛాతీ చుట్టూ, ఇంకొకటి పొట్ట చుట్టూ. కొన్ని పెట్టెలకు ఒకటే ఉంటుంది, రెండుంటే మేలు, ఎందుకో చెబుతాను. ఇవి ఛాతీ, పొట్ట ఉబ్బి తగ్గడాన్ని చూస్తాయి. అంటే ఊపిరి కోసం ఒళ్లు ఎంత ప్రయత్నం చేస్తోందో చెబుతాయి. వేలికి పెట్టే క్లిప్పు మీ అందరికీ తెలుసు, ఆక్సిమీటర్. రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి వేగం. పెట్టెలోనే ఇంకొక చిన్న సెన్సార్ ఉంటుంది, మీరు వెల్లకిలా ఉన్నారా, పక్కకు తిరిగారా అని చెబుతుంది. అంతే. ఇంతకు మించి ఏమీ లేదు.

తక్కువే అనిపిస్తోందా? కానీ ఈ నాలుగు గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టి చదివితే చాలా చెబుతాయండీ. ఒక ఉదాహరణ చూద్దాం. ముక్కు గొట్టం గీత అలలు అలలుగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి చదునైపోయింది. ఇరవై ఐదు సెకన్లు చదును. ఏం జరిగింది? మీరైతే ఏమంటారు? "ఊపిరి ఆగింది" అంటారు. నేను మాత్రం వెంటనే అనను. కిందికి చూస్తాను, బెల్టుల గీతలు ఏం చేస్తున్నాయి అని.

బెల్టుల గీతలు ఆగలేదు, ఇంకా కదులుతున్నాయి, పైగా ఎదురెదురుగా కదులుతున్నాయి. ఛాతీ లోపలికి పోతుంటే పొట్ట బయటికి వస్తోంది. మామూలుగా రెండూ కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి. ఎదురెదురు అయ్యాయంటే గొంతు మూసుకుపోయింది, లోపల మనిషి గాలి కోసం గుంజుతున్నాడు, గాలి రావడం లేదు. అందుకే రెండు బెల్టులుంటే మేలని చెప్పింది. ఆ తర్వాత ఆక్సిజన్ గీత చూస్తాను. అది అప్పుడే పడదు. ఊపిరితిత్తుల్లో జరిగిన సంగతి రక్తంతో పాటు వేలిదాకా రావాలి కదా? కొంచెం ఆలస్యంగా, ఒక్కోసారి ఊపిరి మళ్లీ మొదలయ్యాక, 96 నుంచి 89కి జారుతుంది. అప్పుడు తేలిపోయింది. ఇది గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం. గురకపెట్టేవాళ్లలో మేం వెతికేది దీన్నే.

అలా కాకుండా బెల్టుల గీతలు కూడా చదునైపోయాయి అనుకోండి. గాలీ లేదు, ప్రయత్నమూ లేదు. దారి తెరిచే ఉంది, పీల్చమన్న ఆజ్ఞే మెదడు నుంచి రాలేదు. ఇది వేరే జబ్బు, దీని దారి వేరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో, నల్లమందు జాతి నొప్పి మందులు చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో కనిపిస్తుంది.

మూడోది వినండి, ఇది నా సొంత అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంటి పరీక్ష చూస్తున్నాను. రాత్రి రెండున్నర నుంచి ముక్కు గీత చదును. తెల్లారే వరకూ చదునే. సాఫ్ట్‌వేర్ దాని మీద వరసగా ఎర్ర గుర్తులు పెట్టేసింది, ఊపిరి ఆగింది, ఊపిరి ఆగింది అని. నేను కూడా కంగారుపడి, ఇంత తీవ్రమైన కేసు చూడలేదు అని మా సీనియర్‌ని పిలిచాను. ఆవిడ వచ్చి, టీ కప్పు కూడా కింద పెట్టలేదు, నిలబడే చూసి, "బెల్టులు చూడు నాయనా" అంది. బెల్టులు రెండూ కలిసి, నెమ్మదిగా, గడియారంలా కదులుతున్నాయి. ఆక్సిజన్ 97 దగ్గర కదలకుండా ఉంది. నాలుగు గంటలు ఊపిరి ఆగినవాడికి ఆక్సిజన్ 97 ఉంటుందా? గొట్టం ముక్కులోంచి జారిపోయింది, అంతే! పాపం ఆయన హాయిగా పడుకున్నాడు. అందుకే చెబుతున్నాను, యంత్రం వేసిన లెక్కను మనిషి కూర్చుని గీత గీతా చూడాలి. మీ రిపోర్టు అలా ఎవరైనా చూశారా అని అడగండి, అడగడంలో తప్పు లేదు.

నోటితో ఊపిరి తీసేవాళ్లకూ ఇదే తిప్పలు. ముక్కులో గాలి ఆడదు కాబట్టి గీత చదునుగా ఉంటుంది. ల్యాబ్‌లో దీనికి ఉపాయం ఉంది, ముక్కూ నోరూ రెండిటి ముందూ వేడిని పసిగట్టే చిన్న సెన్సార్ పెడతాం. వదిలే గాలి వెచ్చగా, పీల్చే గాలి చల్లగా ఉంటుంది కదా, ఆ తేడా పట్టుకుంటుంది.

ఇక ల్యాబ్‌కు వద్దాం. ల్యాబ్‌లో నేను మొదట చేసే పని ఏమిటో తెలుసా? టేపు తీసి తల కొలుస్తాను, దర్జీలాగా. ముక్కు మొదలు నుంచి తల వెనక గుబ్బ దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా. ఆ కొలతల్లో పది శాతం, ఇరవై శాతం లెక్కన గుర్తులు పెట్టి, అక్కడ ఎలక్ట్రోడ్లు అతికిస్తాను. నుదుటి దగ్గర, నడినెత్తికి అటూ ఇటూ, వెనక వైపు. చెవుల వెనక ఇంకో రెండు. ఇవి మెదడు తరంగాలు పట్టుకుంటాయి. దయచేసి ఆ రోజు తలకు నూనె రాసుకుని రాకండి, ఒక్కటీ అతకదు. కళ్ల పక్కన రెండు, కనుగుడ్లు ఎటు తిరుగుతున్నాయో చెప్పడానికి. గడ్డం మీద, గడ్డం కింద, కండరం బిగువు చూడటానికి. రెండు కాళ్ల మీద, పిక్కకు ముందు వైపు. గుండెకు ఈసీజీ. వీటికి తోడు ఇంటి పెట్టెలో ఉన్నవన్నీ ఉంటాయి, గోడ మీద కెమెరా ఉంటుంది, చీకట్లో కూడా చూస్తుంది.

అన్నీ పెట్టాక పక్క గదిలోకి వెళ్లి మైకులో మాట్లాడతాను. "కళ్లు మూసుకోండి. తెరవండి. తల కదపకుండా పైకి చూడండి, కిందికి చూడండి. ఐదుసార్లు రెప్పలు కొట్టండి. పళ్లు బిగించండి. ఊపిరి బిగబట్టండి. ఎడమ కాలి పాదం వంచండి." ఒకాయన నన్ను అడిగాడు, డ్రైవింగ్ లైసెన్సు ఇస్తున్నారా అని. ఇదంతా ఎందుకంటే, మీరు ఎడమ కాలు కదిపితే నా తెర మీద ఎడమ కాలి గీతే కదలాలి. కుడిది కదిలిందంటే తీగలు మారాయి. అప్పుడే లేచి వచ్చి సరిచేస్తాను. రాత్రి రెండింటికి ముక్కు గొట్టం జారినా లేచి వచ్చి పెడతాను. ఇంటి పెట్టెకు ఆ మనిషి లేడు. రెండు పరీక్షలకూ ఉన్న తేడాల్లో ఇది చిన్నదేమీ కాదు.

సరే, తలకు ఇన్ని తీగలు ఎందుకు? రెండు పనులకు. రాత్రిని ముప్పై సెకన్ల పేజీలుగా కోస్తాం. ఎనిమిది గంటలంటే 960 పేజీలు. ఒక్కో పేజీకీ పేరు పెట్టాలి, ఇది మెలకువ, ఇది తేలిక నిద్ర, ఇది గాఢ నిద్ర, ఇది రెమ్ నిద్ర అని. రెమ్ అంటే కనుగుడ్లు గబగబా తిరుగుతూ కలలు ఎక్కువగా వచ్చే నిద్ర. ఆ నిద్రలో ఒళ్లంతా కండరాలు వదులైపోతాయి, గొంతువి కూడా. అందుకే కొందరికి ఊపిరి ఆగడాలన్నీ ఆ రెమ్‌లోనే గుంపుగా వస్తాయి. ఇదంతా ఇంటి పెట్టెకు కనిపించదు.

రెండో పని ఇంకా ముఖ్యం. నిద్రలో లిప్తపాటు మెలకువలుంటాయి. మెదడు తరంగాలు ఉన్నట్టుండి వేగం అందుకుంటాయి, మూడు సెకన్లో, ఐదు సెకన్లో ఉండి మళ్లీ నిద్రలోకి జారిపోతాయి. మీరు కళ్లు కూడా తెరవరు. పొద్దున అడిగితే "అబ్బే, నేను లేవనే లేదు" అంటారు. రాత్రికి వందసార్లు అలా జరిగినా అదే మాట. కానీ పగలు కూర్చున్నచోట కునుకు వస్తుంది. గొంతు సగం మూసుకుని గాలి తగ్గిందనుకోండి. కొందరి ఒంట్లో ఆక్సిజన్ పడేదాకా ఆగి అప్పుడు మెదడు తేరుకుంటుంది. కొందరి మెదడు అంతసేపు ఆగదు, ఆక్సిజన్ పడకముందే తట్టి లేపేస్తుంది. ఆ రెండో రకం మనుషులు, వీళ్ల గురించే నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి, కూడికలూ భాగహారాలే. గాలి పూర్తిగా, అంటే 90 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గి పది సెకన్లు దాటితే ఊపిరి ఆగినట్టు. కనీసం 30 శాతం తగ్గి పది సెకన్లు ఉండి, దానితో పాటు ఆక్సిజన్ 3 శాతం పడినా, లేదా లిప్త మెలకువ వచ్చినా, ఊపిరి తగ్గినట్టు. "లేదా" అన్నాను, గుర్తుంచుకోండి. ఇవన్నీ కూడి గంటకు ఎన్ని వస్తున్నాయో చూస్తాం. పెద్దవాళ్లలో గంటకు ఐదు లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 దాకా తేలిక, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. కొన్నిచోట్ల ఆక్సిజన్ 4 శాతం పడితేనే లెక్కిస్తారు, మెలకువలను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి రిపోర్టు మీద ఏ లెక్క వాడారో చూసుకోవాలి.

ఇప్పుడు ఒకావిడ కథ చెబుతాను. ఆవిడ గురించి ఎక్కువ చెప్పను, నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటారు. పెద్దగా గురక లేదు. కంప్లయింటు ఏమిటంటే అలసట, పొద్దున లేస్తే తలనొప్పి, రాత్రి మధ్యమధ్యలో మెలకువ. ఇంటి పరీక్ష చేయించుకున్నారు. గంటకు 4.3 అని వచ్చింది. ఐదు లోపే కదా? "మీకేం లేదమ్మా" అని చెప్పి పంపేశారు. ఆవిడ ఏడాది పాటు మనసులో ఏదో ఉందేమో అని తిరిగారు. తర్వాత వేరే డాక్టరు ల్యాబ్ పరీక్ష రాశారు. ఆ రాత్రి డ్యూటీ నాది.

ఆ రాత్రి రికార్డింగు ఎనిమిది గంటలు. మెదడు తరంగాలు చూసి కూడితే నిజంగా నిద్రపోయింది ఐదు గంటలు. మిగతా మూడు గంటలు కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నారు. ఇంటి పెట్టెకైతే అది నిద్రలాగే కనిపిస్తుంది. పొద్దున నాకొక ఆలోచన వచ్చింది. ఇదే రాత్రిని ఇంటి పెట్టె చూసి ఉంటే ఏమనేది? ముందు దానికి తెలిసినవే లెక్కపెట్టాను. ఊపిరి పూర్తిగా ఆగినవి, ఆక్సిజన్ పడినవి, రెండూ కలిపి 36. దానికి నిద్ర తెలియదు కాబట్టి రికార్డింగు ఎనిమిది గంటలతో భాగించాను. 36ను 8తో భాగిస్తే 4.5. వాళ్లింట్లో వచ్చిన అంకె దగ్గరికే వచ్చింది చూశారా? మామూలు కిందే లెక్క.

ఇప్పుడు అవే 36, కొత్తగా ఒక్కటీ కలపలేదు. నిద్రపోయిన ఐదు గంటలతో భాగించాను. 7.2. జబ్బు ఉంది అని మారిపోయింది! ఊపిరి మారలేదు, కింద పెట్టిన అంకె మారింది. మూడోసారి, ఆక్సిజన్ పడకుండా మెలకువతో ముగిసినవి కూడా లెక్కపెట్టాను. అవి 44. మొత్తం 80. ఐదుతో భాగిస్తే 16. మధ్యస్థం అన్న గడిలోకి వచ్చేశారు.

ఒకటే మనిషి, ఒకటే రాత్రి. 4.5, 7.2, 16. ఇందులో ఏ యంత్రమూ అబద్ధం చెప్పలేదండీ. ఇంటి పెట్టె తనకు తెలిసింది చెప్పింది. దానికి తెలియనిదాన్ని మనమే "లేదు" అని చదువుకున్నాం. సన్నగా ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, రాత్రి సరిగా నిద్రపట్టనివాళ్లలో ఈ మోసం ఎక్కువగా జరుగుతుంది. వాళ్లలో ఊపిరి తగ్గడాలు చిన్నవి, మెలకువతో ముగిసేవి. పైగా పడుకున్న గంటలకూ నిద్రపోయిన గంటలకూ తేడా ఎక్కువ. మీ రిపోర్టు తీసి చూడండి. ల్యాబ్ రిపోర్టులో "నిద్రలో గంటకు" అని ఉంటుంది, దాన్ని ఏహెచ్ఐ అంటారు. ఇంటి పరీక్షలో "రికార్డింగులో గంటకు" అనే అర్థంతో ఆర్ఈఐ అని రాయాలి. చాలా రిపోర్టుల్లో దాన్నీ ఏహెచ్ఐ అనే రాసేస్తారు, నాకు నచ్చని పని ఇది.

అయితే ఇంటి పెట్టె పనికిరాదా? అయ్యో, అలా అనలేదు! ఇప్పుడు ఇంకొకాయన్ను తీసుకోండి. లావుపాటి మనిషి, మెడ లావు, బీపీ ఉంది, గురక పక్కింటికి వినబడుతుంది. భార్య చెబుతోంది, "మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి గుటక వేస్తారండీ, నాకు భయమేస్తుంది" అని. పగలు పేపరు చదువుతూ తూగుతాడు. ఈయనకు ఇంటి పెట్టె ఇస్తే గంటకు 40 వస్తుంది అనుకోండి. నిద్రతో భాగిస్తే 52 కావచ్చు. 40 అయినా 52 అయినా వైద్యం మారుతుందా? మారదు. ఇంటి పెట్టె ఎక్కువగా తక్కువ వైపే తప్పుతుంది. తక్కువ చేసి చెప్పినా ఇంత ఉంటే ఇక ల్యాబ్ ఎందుకు? ఇంట్లోనే పడుకోమనండి.

అంటే నేను చెప్పేది ఏమిటంటే, అనుమానం బలంగా ఉన్నప్పుడు ఇంటి పెట్టె "ఉంది" అంటే నమ్మండి. "లేదు" అంటే అక్కడితో ఆగకండి. ఇది నేను కనిపెట్టింది కాదు, అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. పగలు విపరీతమైన మత్తు ఉండి, దానికి తోడు రోజూ పెద్ద గురక, పక్కవాళ్లు చూసిన ఊపిరి ఆగడం, బీపీ, ఈ మూడింట్లో రెండుంటే, వేరే చిక్కులేమీ లేని పెద్దవాళ్లకు ఇంటి పరీక్ష చాలు అంటారు. అది ఏమీ లేదన్నా, సరిగా రికార్డు కాకపోయినా, ల్యాబ్‌కు పంపమంటారు. మళ్లీ మళ్లీ ఇంటి పరీక్షే చేయమనలేదు.

వేరే చిక్కులు అంటే ఏమిటి? గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కండరాల జబ్బులున్నవాళ్లు, ఇందాక చెప్పిన నల్లమందు జాతి మందులు రోజూ వాడేవాళ్లు, నిద్రే పట్టనివాళ్లు. వీళ్లను నేరుగా ల్యాబ్‌కే పంపాలి. ఊపిరితిత్తుల జబ్బునే తీసుకోండి. వాళ్లలో ఊపిరి ఆగకుండానే, పైపైన తేలికగా పీలుస్తూ, ఆక్సిజన్ గంటలకొద్దీ 85 దగ్గర ఉండిపోవచ్చు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఇంటి పెట్టె మామూలుగా దాన్ని కొలవదు. అది ఊపిరి ఆగడాల లెక్క మాత్రం చెబుతుంది, గంటకు మూడు అని. చూసినవాళ్లు మూడే కదా అనుకుంటారు.

నిద్రలో లేచి తన్నేవాళ్లు, కేకలేసేవాళ్లు, పక్కనున్నవాళ్లను కొట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు కూడా ల్యాబే. కలల నిద్రలో కండరాలు వదులవ్వాలని చెప్పాను కదా? అలా వదులవ్వక కలలో చేసే పని ఒంటితో చేసేస్తారు. అది గడ్డం మీది ఎలక్ట్రోడు, కెమెరా కలిపి చూస్తేనే తేలుతుంది. రాత్రి బాగానే పడుకుని కూడా పగలు ఆపుకోలేని నిద్ర వచ్చేవాళ్లకైతే రాత్రి పరీక్ష ఒక్కటీ చాలదు, మర్నాడు పగలు రెండేసి గంటలకు ఒకసారి చొప్పున నాలుగైదుసార్లు కునుకు తీయించి చూస్తాం. పిల్లల లెక్క పూర్తిగా వేరు. పిల్లల్లో గంటకు ఒకటి దాటినా పట్టించుకోవాల్సిందే, వాళ్లకు ఇంటి పెట్టె వద్దు.

ల్యాబ్ కూడా దేవుడిచ్చిన అద్దమేమీ కాదండోయ్, నా కడుపు మీద కొట్టుకుని చెబుతున్నా. కొత్త మంచం, ఒంటి నిండా తీగలు, గోడ మీద కెమెరా. ఎవరికి నిద్రపడుతుంది? మొదటి రాత్రి నిద్ర తగ్గుతుంది, రెమ్ తగ్గుతుంది. తీగలు ఊడతాయేమో అని రాత్రంతా వెల్లకిలా పడుకుంటారు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతు ఇంకా మూసుకుంటుంది. ఇంట్లో పక్కకు తిరిగి పడుకునే మనిషికి ల్యాబ్‌లో అంకె పెరిగిపోవచ్చు. అందుకే రిపోర్టులో వెల్లకిలా ఎంత, పక్కకు ఎంత అని విడివిడిగా ఇస్తాం, అది కూడా చదవండి. ఇంటి పెట్టెకు ఇక్కడ పైచేయి, మీ మంచం, మీ దిండు. వరసగా రెండు మూడు రాత్రులు కూడా పెట్టుకోవచ్చు.

ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకు రెండు మాటలు. ముక్కు గొట్టాన్ని బుగ్గల మీద టేపుతో అతికించండి, చెవుల మీద వేలాడదీసి వదిలేస్తే తెల్లారేసరికి మెడలో ఉంటుంది. బెల్టు మరీ వదులైతే నడుం మీదికి జారిపోతుంది. గోళ్ల రంగు తీసేయండి. గొట్టం గీతా, ఆక్సిజన్ గీతా కనీసం నాలుగు గంటలైనా బాగా పడాలి, లేకపోతే ఆ పరీక్ష చెల్లదు. మందు అలవాటుంటే ఆ రాత్రి తాగారో లేదో నిజం రాయండి, తాగితే గొంతు ఇంకా వదులవుతుంది. నేనేం మీ ఇంట్లో చెప్పను.

ప్రశ్నలున్నాయా? ఆ, చెప్పండమ్మా... చేతి గడియారం చాలదా అంటున్నారు. గడియారం ఆక్సిజన్ ఉండుండి చూస్తుంది, మణికట్టు కదలిక చూసి నిద్ర ఊహిస్తుంది. గాలి రావడం చూడదు, పొట్ట ప్రయత్నం చూడదు. అది హెచ్చరిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది ఏమీ అనలేదు కాబట్టి మా ఆయన గురక మంచి గురకే అనుకోకండి.

వెనకాయన ఏదో అంటున్నారు... వేలికి పెట్టే ఇంకొక రకం పరికరం. అవును, ఉంది. ముక్కు గొట్టం ఉండదు, వేలి చివర రక్తనాళాలు బిగుసుకోవడాన్ని, నాడిని, ఆక్సిజన్‌ను, కదలికను కలిపి చూసి ఊపిరి ఆగిందని లెక్కేస్తుంది. నిద్ర గంటలు కూడా అంచనా కడుతుంది, ఆ విషయంలో మామూలు ఇంటి పెట్టె కన్నా ఒక మెట్టు పైన. అయితే అంచనాయే, మెదడును చూసి చెప్పింది కాదు. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో, ఆల్ఫా బ్లాకర్లు అనే మందులు వాడేవాళ్లలో ఆ వేలి సంకేతం మీద నమ్మకం తగ్గుతుంది. మీరు వాడే మందుల చీటీ ముందే చూపించండి.

చివరి ప్రశ్న... "ల్యాబ్‌లో నాకు నిద్రే పట్టకపోతే డబ్బు దండగేనా?" అని. అందరూ అడుగుతారు, పొద్దున లేచి "నేను కన్ను మూయలేదు" అని కూడా అందరూ అంటారు. అప్పుడు నేను తెర తిప్పి చూపిస్తాను, ఇదిగో మీరు ఒంటిగంటా పది నుంచి నాలుగింటి దాకా పడుకున్నారు, ఇదిగో మీ గురక అని. పోయిన వారం ఒకాయన ఆ గురక తనది కాదు, పక్క గదిలోదని గట్టిగా వాదించాడు. పక్క గదిలో ఆ రాత్రి ఉన్నది నేనే.